జీతం గురించి మాట్లాడాలి, ఒక అరగంట ఇవ్వండి

హైక్ లెటర్ వచ్చిన రోజు రాత్రి హెచ్‌ఆర్‌కు రాసే మెయిల్ ఏదైనా సరే, తెల్లవారేదాకా డ్రాఫ్ట్స్‌లోనే ఉంచడం మంచిది. ఆ రాత్రి రాసినదాంట్లో కోపం ఉంటుంది, పక్క సీటులోవాళ్ళకు ఎంత పెరిగిందన్న లెక్క ఉంటుంది, ఇంటి లోను వాయిదా ఉంటుంది. ఉండాల్సింది మాత్రం ఉండదు. ఉండాల్సింది ఒక్కటే: నా జీతం సవరణ గురించి మీతో కూర్చుని మాట్లాడాలి, ఒక అరగంట ఇవ్వండి అన్న మాట.

జీతం పెంచమని అడగడం వేరు, జీతం గురించి మాట్లాడటానికి సమయం అడగడం వేరు. పెంచమని రాస్తే "ఈ ఏడాదికి సవరణలు పూర్తయ్యాయి" అని ఒక్క లైనులో జవాబు వచ్చేస్తుంది. దాంతో కథ అయిపోతుంది. సమయం అడిగితే కాదనడానికి హెచ్‌ఆర్‌కు కారణం దొరకదు. ఈ మెయిల్ పని ఆ గది తలుపు తెరిపించడం వరకే. వాదన అంతా గదిలో జరగాలి. ఇది తెలియక చాలామంది వాదన మొత్తం మెయిల్‌లోనే పెట్టేసి, గదిలోకి వట్టి చేతులతో వెళతారు.

అసలు ఆ డబ్బు ఎక్కడ, ఎప్పుడు తేలుతుందో తెలిస్తే మెయిల్ ఎప్పుడు పంపాలో దానంతట అదే తెలుస్తుంది. హైదరాబాద్‌లో మాదాపూర్, గచ్చిబౌలి వైపు కంపెనీల్లో ఎక్కువ వాటికి అప్రైజల్ ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి దాకా నడుస్తుంది. కొన్నింటికి జనవరి నుంచి డిసెంబరు. ఏప్రిల్ లెక్కతో నడిచే కంపెనీలో, ఏడాది ముగియడానికి ముందే ఫైనాన్స్ వాళ్ళు మొత్తం జీతాల ఖర్చు మీద ఫలానా శాతం పెంచవచ్చని ఒక మొత్తం ఖాయం చేస్తారు. అది విభాగాలకు, అక్కడినుంచి మేనేజర్లకు చేరుతుంది. మేనేజర్ తన దగ్గరున్న పదిమందికి ఆ మొత్తాన్నే సర్దాలి. ఒకరికి ఎక్కువ ఇస్తే ఇంకొకరికి తగ్గాల్సిందే. ఆ తర్వాత మేనేజర్లందరినీ కూర్చోబెట్టి, ఎవరికి ఏ రేటింగ్ ఇచ్చారో పోల్చి సరిచేస్తారు. దీన్ని క్యాలిబ్రేషన్ అంటారు. ఇదంతా అయ్యాకే లెటర్ మన చేతికి వస్తుంది. అంటే లెటర్ వచ్చే రోజుకు డబ్బు పంపకం అయిపోయింది. ఆ తర్వాత అడిగితే మేనేజర్ దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగిలి ఉండదు. మనసు ఉన్నా మార్గం ఉండదు.

అందుకే ఏప్రిల్‌లో జీతం మారే కంపెనీలో ఈ మెయిల్‌కు తగిన కాలం డిసెంబరు, జనవరి. పంపకానికి ముందు మన పేరు ఒకరి నోట్‌బుక్‌లో చేరాలి.

ఏడాది మధ్యలో జీతం సవరించరని కాదు. సవరిస్తారు, కానీ దానికి కారణం కావాలి. మనిషి చేసే పని మారిపోయి హోదా, జీతం పాతవే మిగిలిపోవడం ఒక కారణం. అదే పని చేసే కొత్తవాళ్ళను ఎక్కువ జీతానికి తీసుకోవడం వల్ల పాతవాళ్ళు కిందికి జారిపోవడం ఇంకొకటి. ఈ మనిషి వెళ్ళిపోతే క్లయింట్ పని ఆగిపోతుందన్న భయం మూడోది. "మూడేళ్ళుగా నిజాయితీగా పనిచేస్తున్నాను" అన్నది కారణాల జాబితాలో లేదు. వినడానికి కష్టంగా ఉన్నా సంగతి అదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక మధ్యస్థాయి సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ విభాగంలో పనిచేసే అమ్మాయి అనుకోండి. సీటీసీ 9 లక్షలు. ఎనిమిది నెలల కిందట ఆమె పైనున్న లీడ్ మానేశాడు. అతని చోట ఎవరినీ తీసుకోలేదు. అతను చూసే రెండు క్లయింట్ల రిలీజులు, ముగ్గురు జూనియర్లు ఈ అమ్మాయి మీదికి వచ్చారు. విజిటింగ్ కార్డు మీద మాత్రం ఇంకా సీనియర్ టెస్ట్ ఇంజనీరే.

మెయిల్ రాయడానికి ముందు ఆమె చేయాల్సిన మొదటి పని తన సీటీసీని విడదీసి చూసుకోవడం. 9 లక్షలను పన్నెండుతో భాగిస్తే నెలకు 75,000. బ్యాంకులో పడేది అంత కాదు. బేసిక్ సగం అనుకుందాం, అంటే ఏడాదికి 4,50,000. 2025 నవంబరు 21న కొత్త కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చాక, ఎలవెన్సులు మొత్తంలో సగానికి మించితే మించిన భాగాన్ని వేతనంగానే లెక్కగడతారు. అందుకే బేసిక్‌ను సగానికి తేవడం కంపెనీలకు సులువైన దారి అయింది. ఇంటి అద్దె భత్యం 1,80,000. ఏడాది చివర ఇచ్చే వేరియబుల్ 90,000. కంపెనీ వాటా పీఎఫ్, బేసిక్ మీద 12 శాతం కడితే, 54,000. గ్రాట్యుటీ కింద బేసిక్‌లో 4.81 శాతం, అంటే 21,645. మిగిలిన 1,04,355 స్పెషల్ ఎలవెన్సు. వీటిలో నెల నెలా జీతంగా లెక్కలోకి వచ్చేవి బేసిక్, అద్దె భత్యం, స్పెషల్ ఎలవెన్సు మూడే. నెలకు 61,196 రూపాయలు. అందులోంచి తన వాటా పీఎఫ్ 4,500, ప్రొఫెషనల్ టాక్స్ 200 పోతే చేతికి వచ్చేది 56,496. కొత్త పన్ను విధానంలో ఈ జీతానికి ఆదాయపు పన్ను పడదు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇంకొంచెం తగ్గేది.

ఇప్పుడు కంపెనీ పది శాతం పెంచిందనుకోండి. సీటీసీ 9,90,000 అవుతుంది. పెరిగింది నెలకు 7,500 అని లెటర్ చదివి సంతోషిస్తాం. అన్ని భాగాలూ సమానంగా పెరిగితే బ్యాంకులో పడేది 62,166. అంటే నిజంగా పెరిగింది 5,670. అదే కంపెనీ ఆ 90,000 మొత్తాన్నీ వేరియబుల్‌లో కలిపిందనుకోండి, లెటర్ మీద పది శాతమే ఉంటుంది, నెల జీతంలో ఒక్క రూపాయి కదలదు. హైక్ వచ్చినా జీతం పెరగలేదని జనం అనుకోవడం వెనక చాలాసార్లు ఈ కథే ఉంటుంది. అందుకే "ఇన్ని శాతం" అని అడగడం కంటే "ఫిక్స్‌డ్‌లో ఎంత" అని అడగడం తెలివి. ఈ లెక్క మెయిల్‌లో రాయాల్సిన పని లేదు. కాగితం మీద రాసుకుని గదిలోకి పట్టుకెళ్ళాలి.

రెండో పని, అవతలివాళ్ళు మనల్ని ఎలా చూస్తారో తెలుసుకోవడం. హెచ్‌ఆర్ వాళ్ళకు మన పని నాణ్యత నేరుగా తెలియదు, అది మేనేజర్ చెప్పాలి. వాళ్ళకు కనిపించేది గ్రేడు, ఆ గ్రేడుకు ఖాయం చేసిన జీతం పరిధి. ఈ అమ్మాయి గ్రేడుకు 8 నుంచి 14 లక్షలు అనుకుంటే మధ్య అంకె 11 లక్షలు. ఆమె 9 లక్షల దగ్గర ఉంది, అంటే మధ్య అంకెలో 82 శాతం. ఈ నిష్పత్తిని కంపా రేషియో అంటారు. నూటికి దగ్గరగా ఉన్నవాళ్ళు సరైన చోట ఉన్నట్టు, బాగా కింద ఉన్నవాళ్ళకు పెంచడానికి చోటు ఉన్నట్టు. పరిధి పైఅంచుకు చేరినవాళ్ళకు ఎంత మంచి రేటింగ్ వచ్చినా పెద్ద పెంపు రాదు. వాళ్ళకు మిగిలిన దారి ప్రమోషనే. పైఅంచున కూర్చుని జీతం సవరణ అడిగితే మీటింగ్ వృథా, అడగాల్సింది గ్రేడు మార్పు. పరిధి అంకెలు బయటపెట్టని కంపెనీలు చాలా ఉన్నాయి. అయినా "నా గ్రేడులో నేను కింది సగంలో ఉన్నానా, పై సగంలో ఉన్నానా?" అని అడిగితే చెప్పే హెచ్‌ఆర్ వాళ్ళు ఉంటారు. అడగని ప్రశ్నకు జవాబు ఎలాగూ రాదు.

మూడో పని మేనేజర్‌కు ముందుగా చెప్పడం. దీన్ని దాటేసినవాళ్ళే ఎక్కువ దెబ్బ తింటారు. మేనేజర్‌కు తెలియకుండా హెచ్‌ఆర్‌కు మెయిల్ పెడితే, హెచ్‌ఆర్ చేసే మొదటి పని దాన్ని ఆ మేనేజర్‌కే ఫార్వర్డ్ చేసి "ఏమిటి సంగతి?" అని అడగడం. తన మీద ఫిర్యాదు వెళ్ళిందని ఆయన అనుకుంటాడు. సవరణకు సిఫారసు రాయాల్సిన మనిషి సంజాయిషీ రాసుకోవాల్సి వస్తుంది. అదే, "సార్, నా పని మారింది కదా, జీతం సంగతి హెచ్‌ఆర్‌తో మాట్లాడదామనుకుంటున్నాను, మిమ్మల్నీ కాపీలో పెడతాను" అని ముందు ఒక మాట వేస్తే, ఆయన సరేనన్నా, ఇప్పుడొద్దన్నా, మన బలం ఎంతో అప్పుడే తెలిసిపోతుంది. సంకట పరిస్థితి ఒకటుంది: మేనేజరే అడ్డు అయితే? అప్పుడు కూడా చెప్పే వెళ్ళాలి. "మీతో మాట్లాడాక హెచ్‌ఆర్ అభిప్రాయం కూడా తీసుకుంటాను" అని. దాచి చేసిన పని తర్వాత బయటపడితే తప్పు మనవైపుకు వస్తుంది.

ఇక మెయిల్. రాత్రి పదకొండింటికి ఆ అమ్మాయి రాసిన మొదటి డ్రాఫ్టు ఇలా ఉండొచ్చు. "మేడమ్, ఎనిమిది నెలలుగా రెండు మనుషుల పని ఒక్కదాన్నే చేస్తున్నాను. నాకంటే తర్వాత చేరినవాళ్ళకు నాకంటే ఎక్కువ జీతం అని అందరికీ తెలుసు. అద్దె పెరిగింది, మా నాన్నగారి వైద్యం ఖర్చులు ఉన్నాయి. కనీసం ముప్పై శాతం పెంచకపోతే నా దారి నేను చూసుకోవాల్సి వస్తుంది."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ప్రతి వాక్యమూ ఎదురు తిరుగుతుంది. "రెండు మనుషుల పని" అన్నదానికి లెక్క లేదు కాబట్టి "మీ మేనేజర్‌తో పనిభారం గురించి మాట్లాడండి" అని జవాబు వస్తుంది. అది జీతం దారి కాదు, పని తగ్గించే దారి. పక్కవాళ్ళ జీతం ప్రస్తావించగానే హెచ్‌ఆర్ దృష్టి మన జీతం మీదినుంచి, ఆ సమాచారం ఎలా బయటికి వచ్చిందన్న విచారణ మీదికి మళ్ళుతుంది. చాలా కంపెనీల ఆఫర్ లెటర్లలో జీతం గోప్యంగా ఉంచాలన్న షరతు ఉంటుంది. నాన్నగారి వైద్యం గురించి చదివి వాళ్ళు నిజంగానే బాధపడతారు, కానీ సవరణ ఫారంలో ఆ కారణానికి గడి లేదు. మహా అయితే జీతం అడ్వాన్స్ గురించి చెబుతారు. చివరి వాక్యం సంగతి చెప్పనక్కరలేదు. చేతిలో ఇంకో ఆఫర్ లేకుండా ఆ మాట రాస్తే, వెళ్ళిపోయే మనిషిగా పేరు పడుతుంది. ఆ ఏడాది ఎవరి మీద డబ్బు పెట్టాలా అని చూసే జాబితాలోంచి పేరు జారిపోవచ్చు.

రెండు రోజులాగి, మేనేజర్‌తో మాట్లాడి, ఆమె రాయాల్సింది ఇంచుమించు ఇది. కంపెనీల్లో ఇది ఇంగ్లీషులోనే వెళుతుంది, సారం ఏమిటో చూపడానికి తెలుగులో ఇస్తున్నాను. సబ్జెక్ట్ లైను: "జీతం సవరణపై చర్చకు సమయం కోరుతూ, టెస్టింగ్ విభాగం". అందులో "అర్జంట్" అన్న మాట ఉండకూడదు.

"నమస్తే మేడమ్. నా ప్రస్తుత బాధ్యతలు, వాటికి తగిన జీతం సవరణ గురించి మీతో మాట్లాడటానికి వచ్చే రెండు వారాల్లో ఒక అరగంట సమయం ఇవ్వగలరా?

గత మే నెల నుంచి మా లీడ్ చూసే ఇద్దరు క్లయింట్ల రిలీజ్ టెస్టింగ్‌ను నేను నడుపుతున్నాను. ముగ్గురు ఇంజనీర్ల రోజువారీ పనిని కూడా చూస్తున్నాను. ఈ కాలంలో పూర్తయిన రిలీజుల వివరాలు, క్లయింట్ల నుంచి వచ్చిన మెయిళ్ళు ఒక పేజీలో పెట్టి జత చేశాను. నా హోదా, గ్రేడు మాత్రం మేకు ముందున్నవే.

ఈ సంగతి మా మేనేజర్ గారితో చర్చించాను, వారిని కాపీలో ఉంచాను. మంగళవారం లేదా గురువారం మధ్యాహ్నం మూడు తర్వాత నాకు వీలు. మీకు అనువైన వేరే సమయమైనా సరే."

అంతే. మూడు చిన్న పేరాలు. మొదటి వాక్యంలోనే అడిగింది ఏమిటో ఉంది, ఎందుకంటే హెచ్‌ఆర్ వాళ్ళు ఫోన్‌లో మొదటి రెండు లైన్లు చూసే మెయిల్ తెరవాలో వద్దో నిర్ణయిస్తారు. "మే నెల నుంచి" అన్న తేదీ చాలా పని చేస్తుంది. పని ఎప్పుడు మారిందో ఆ తేదీతో ఖాయమవుతుంది, రేపు సవరణ ఎప్పటినుంచి వర్తించాలన్న ప్రశ్న వస్తే దానికి ఆధారం అదే. "బాధ్యతలకు తగిన" అన్న మాట వల్ల చర్చ దయాదాక్షిణ్యాల మీదికి పోకుండా ఉద్యోగం విలువ మీద నిలుస్తుంది. జత చేసిన పేజీ ఒక్కటే ఉండాలి. పది పేజీలు పెడితే ఎవరూ చదవరు, చదవనిదాన్ని చదివామని చెప్పి మాట్లాడతారు.

కావలసిన అంకె మెయిల్‌లో పెట్టాలా అన్నదాని మీద భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. పెడితే హెచ్‌ఆర్ వాళ్ళు ఆమోదాల సంగతి ముందే చూసి వస్తారని కొందరంటారు. నేను పెట్టవద్దనే అంటాను. గ్రేడు పరిధి మనకు తెలియదు. 12 లక్షలు అని రాశాక ఆ కొత్త పనికి పరిధి 13 నుంచి మొదలవుతుందని తెలిస్తే, రాసిన అంకెను పైకి జరపలేం. అంకె మనసులో ఉండాలి, కాగితం మీద ఉండాలి, వాళ్ళు అడిగిన క్షణంలో తడబడకుండా చెప్పగలగాలి. ఇక మెయిల్ ఎప్పుడు పంపాలి అంటే, నెలాఖరున జీతాలు ప్రాసెస్ చేసే రోజులు, అప్రైజల్ ఫారాలు మూసే వారం తప్పించి ఎప్పుడైనా పంపవచ్చు.

జవాబు రావడంలోనూ రకాలున్నాయి. మీటింగ్ ఆహ్వానం నేరుగా వస్తే మేలు. "నోట్ చేసుకున్నాం, వచ్చే సైకిల్‌లో పరిశీలిస్తాం" అని వస్తే అది మర్యాదగా వేసిన తాళం. దానికి ఊరుకోకుండా, "ధన్యవాదాలు. వచ్చే సైకిల్‌కు నా వివరాలు ఎప్పటిలోగా, ఎవరికి ఇవ్వాలి?" అని అడగాలి. తేదీ వచ్చిందంటే విషయం బతికుంది. వారం గడిచినా ఏ జవాబూ రాకపోతే అదే మెయిల్ కింద ఒక లైను రాసి గుర్తు చేయవచ్చు. కొత్త మెయిల్ మొదలుపెట్టకూడదు, పాత తేదీ కనిపించకుండా పోతుంది.

ఒక సంగతి మాత్రం ఈ మెయిల్‌లో కలపకూడదు. ఒకే పనికి ఆడవాళ్ళకు తక్కువ, మగవాళ్ళకు ఎక్కువ ఇస్తున్నారని నమ్మడానికి ఆధారం ఉంటే, అది సవరణ వినతి కాదు. 1976 నాటి సమాన వేతన చట్టం దాన్ని నిషేధించింది, ఇప్పుడు ఆ నిబంధన 2019 వేతనాల స్మృతిలో ఉంది. దానికి ఫిర్యాదు దారి వేరు, భాష వేరు. అరగంట ఇవ్వండి అన్న మెయిల్ చివర ఈ మాట తగిలిస్తే రెండూ పలచబడతాయి.

బయటి ఆఫర్ తెచ్చి చూపించి పెంచుకోవడం మన ఐటీ ఊళ్ళలో మామూలే. అది పని చేయదని చెప్పను, చేస్తుంది. చాలా కంపెనీల్లో నోటీస్ పీరియడ్ 90 రోజులు ఉండడం దాని మీద ఒక మెలిక. కొత్త కంపెనీ అన్ని రోజులు ఆగుతుందా అన్నది తేలకుండా పాత కంపెనీతో బేరం మొదలుపెడితే, రెండు వైపులా ఒకేసారి తలుపు మూసుకునే ప్రమాదం ఉంది. కౌంటర్ ఆఫర్ కాగితం మీద రాకముందు ఎవరితోనూ అవునని అనకూడదు.

మీటింగ్‌లో ఆ అమ్మాయికి ఇలాంటి జవాబు రావచ్చు: ఇప్పుడు జీతం మార్చలేం, కానీ జనవరిలో లీడ్ గ్రేడుకు ప్రతిపాదన పెడతాం, ఏప్రిల్ నుంచి వర్తిస్తుంది. మంచి మాటే. కానీ ఏప్రిల్ నాటికి ఆ హెచ్‌ఆర్ మేడమ్ ఆ కంపెనీలోనే ఉంటారన్న నమ్మకం లేదు, మేనేజర్ కూడా మారవచ్చు. అందుకే ఆ సాయంత్రమే అదే మెయిల్ కింద రాయాలి: "ఈ రోజు సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలు. నాకు అర్థమైనంత వరకు, జనవరిలో నా గ్రేడు మార్పుకు ప్రతిపాదన వెళుతుంది, ఆమోదం వస్తే ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తుంది. ఇందులో ఏదైనా పొరపాటు ఉంటే దయచేసి చెప్పండి." సరిదిద్దుతూ మెయిల్ రాకపోతే అది ఒప్పందం కాదుగానీ, జనవరిలో కొత్తగా వచ్చిన మనిషి ముందు పెట్టడానికి ఒక కాగితం అవుతుంది.

లెటర్ వచ్చినప్పుడు శాతం కంటే ముందు మూడు చోట్ల చూడాలి. అమలు తేదీ ఏప్రిల్ 1 అని ఉందా, లేక లెటర్ ఇచ్చిన జూన్ తేదీ వేశారా? ఏప్రిల్ అని ఉంటే ఆ నెలల బకాయి ఏ నెల జీతంలో కలుస్తుంది? పెరిగింది ఫిక్స్‌డ్‌లోనా, వేరియబుల్‌లోనా? తేడా కనిపిస్తే ఆ లెటర్‌కు అంగీకారం తెలిపే బటన్ నొక్కకముందే హెచ్‌ఆర్‌కు రాయాలి. నొక్కాక సరిచేయించడం చాలా కష్టం.